చుట్టూ 34, లోపల 84

మా బాపు లెక్కల సారు. పరీక్ష పేపర్లు ఎక్కడో అచ్చయి సీలు కట్టల్ల వచ్చే కాలం కాదది. తొమ్మిదో తరగతి దాకా పెద్ద పరీక్షకు మా బడిల ఏ సారు పేపరు ఆ సారే తయారు చేసుకునేది. తయారు చేసుడంటే ప్రశ్నలు రాసిచ్చుడు ఒక్కటే కాదు బిడ్డా, స్టెన్సిలు మీద కూడా తన చేత్తోనే ఎక్కియ్యాలె. తెలుగు టైపు మిషిను మా ఊరి బడికి ఎక్కడిది? మైనం పూసిన పల్చటి కాగితం ఉంటది. దాని కింద గట్టి పలక పెట్టి, సూదిమొన అసొంటి ఇనుప కలంతోని ఒత్తి రాయాలె. ఒత్తిన కాడ మైనం లేస్తది. తెల్లారి దాన్ని సైక్లోస్టైల్ మిషినుకు తగిలించి చెయ్యి తిప్పితే, మైనం లేచిన సందుల నుంచి సిరా దిగి కాగితం మీద అచ్చు పడ్తది. తక్కువ ఒత్తితే అక్షరం పడదు. ఎక్కువ ఒత్తితే సున్న నడిమి ముక్క ఊడిపోయి, సున్న కాస్త నల్ల మచ్చ అయి కూసుంటది. లెక్కల పేపర్ల సున్న మచ్చయితే ఎట్లుంటదో మీరే ఆలోచన చెయ్యురి.

నేను చెప్పేది 1974 ఏప్రిల్ ముచ్చట. నేను ఎనిమిది, మా అన్న తొమ్మిది. బాపు తొమ్మిదో తరగతి పేపరు రాసే రాత్రి అన్న ఇంట్ల ఉండొద్దు. పొద్దుగూకంగనే బువ్వ తినిపిచ్చి చిన్నాయన ఇంటికి తోలేసిండు. ‘‘వాడు చూడడు గద, నిద్రపోతడు’’ అని అవ్వ అన్నది. ‘‘వాడు చూడడని నాకు ఎరుకే. చూడలేదని రేపు ఎవలకన్న చెప్పాల్సి వస్తే వానికి కష్టం’’ అన్నడు బాపు. అట్ల ఆ రాత్రి కందిలు పట్టుకునే పని నాకు పడ్డది. కరెంటు ఉండె గని, ఎండకాలం రాత్రి దాన్ని నమ్ముకుంటే అంతే సంగతి.

ఆ యేడు బాపు బాగ అలిసిపోయిండు. సైన్సు సారు బదిలీ మీద పోతే ఆయన జాగల ఇంకొకలు రాలే. ఆ పీరియడ్లు గూడ బాపే చెప్పిండు. ఆ వారంల ఎనిమిదికి లెక్కలు, తొమ్మిదికి లెక్కలు, రెండిటికి సైన్సు, అన్ని పేపర్లు ఆయన మెడకే చుట్టుకున్నయి. ఆ రాత్రి కూసున్నది ఆఖరి పేపరుకు. పొద్దున ఎనిమిది కొట్టంగ అటెండరు మిషిను కాడ తయారుగ ఉంటడు.

పది దాటంగ అన్ని ప్రశ్నలు ఎక్కినయి, చివరిది తప్ప. చివరిది ఎనిమిది మార్కులది. పిల్లగాండ్ల దగ్గర ఒక గైడు ఉండేది, అండ్ల ఒక లెక్క అందరికీ నోటికి వచ్చు. దీర్ఘచతురస్రం పొలం, చుట్టుకొలత 34 మీటర్లు, వైశాల్యం 60 చదరపు మీటర్లు, కర్ణం ఎంత? జవాబు 13. లెక్క మంచిదే. పొడుగు, వెడల్పు కలిపితే చుట్టుకొలతల సగం, అంటే 17. కూడిక వర్గంల నుంచి రెండింతల వైశాల్యం తీసేస్తే కర్ణం వర్గం మిగుల్తది. 17 వర్గం 289, అండ్ల నుంచి 120 పోతే 169, దాని వర్గమూలం 13. పొడుగు ఎంత, వెడల్పు ఎంత అని విడిగ తెలుసుకోకుండనే జవాబు చేతికొస్తది. అదే ఆ లెక్కల సొగసు. కష్టం ఏందంటే, సగం మంది పిల్లలు 34, 60 అని చూడంగనే ఏమీ చెయ్యకుండ 13 అని రాసేటోళ్లు.

అందుకని బాపు అంకెలు మార్చాలనుకున్నడు. 34 అట్లనే ఉంచిండు, గైడు చదివినోడు 13 రాసి దొరికిపోతడని. ఇగ వైశాల్యం మార్చాలె, జవాబు మాత్రం పూర్ణాంకం రావాలె. 289 నుంచి ఎంత తీసేస్తే ఇంకో వర్గం వస్తదని పలక మీద చూసుకున్నడు. 144 కావాలంటే 145 తీసెయ్యాలె, అప్పుడు వైశాల్యం డెబ్బై రెండున్నర, చూడ ముచ్చటగ లేదు. 121 కావాలంటే 168 తీసెయ్యాలె. అండ్ల సగం 84. చక్కటి అంకె. కర్ణం 11. ‘‘గిది మంచిగుంది’’ అనుకుంట స్టెన్సిలు మీద ఎక్కిచ్చిండు. చుట్టుకొలత 34 మీటర్లు, వైశాల్యం 84 చదరపు మీటర్లు, కర్ణం కనుగొనుము.

ఇక్కడ మీకొకటి చెప్పాలె. 121 అంటే మా దిక్కు మనిషికి సుట్టమసొంటి అంకె. ఎకరానికి 40 గుంటలు, గుంటకు 121 చదరపు గజాలు. పదకొండు గజాల చదరం అంటే ఒక గుంట. చదువు రాని రైతు గూడ నిద్రల లేపి అడిగితే చెప్తడు. బడి పుస్తకాలల్ల మీటర్లు వచ్చి ఏండ్లయినా, మాట్లాడుకునేది గజాలల్ల, గుంటలల్లనే. లెక్క నడుమ 121 కనపడే వరకు బాపు మనసు కుదుటపడ్డది. అలిసిన మనిషికి ఎరుకైన అంకె కనపడితే దాన్ని ఇంకా తడిమి చూడబుద్ధి కాదు. తర్వాత ఆ మాట ఆయనే చెప్పిండు నాకు.

ఇనుప కలం తుడిచి పెట్టిండు. అవ్వ అప్పటికే పండుకున్నది. బాపు కాళ్లు కడుక్కుంటనని ఇంటెనక దొడ్లెకు పోయిండు. నేను కందిలు పట్టుకొని ఎంబడి పోయిన. మా దొడ్డి సరిగ్గ అరగుంట. ఇటు పదకొండు గజాలు, అటు ఐదున్నర గజాలు. నాలుగు దిక్కుల ముండ్లకంప కంచె. ప్రతి యేడు వానలకు ముందు ఆ కంప మార్పిచ్చేది బాపే. కంప కొట్టేటోడు గజం లెక్కన పైసలు తీసుకునేటోడు గనుక చుట్టు 33 గజాలని బాపుకు ఎప్పుడూ యాదికుండేది.

నీళ్లు పోసుకునేటోడు చెంబు అట్లనే పట్టుకొని నిలబడ్డడు. కంచె దిక్కు చూస్తున్నడు. నేను పామేమో అనుకున్న.

‘‘బిడ్డా, మన దొడ్డికి చుట్టు ఎన్ని గజాల కంప పట్టింది?’’

‘‘ముప్పై మూడు.’’

‘‘లోపల జాగ ఎంత?’’

‘‘అరగుంట. అరవైన్నర గజాలు.’’

‘‘మరి ఇంకొక్క గజం కంప తెచ్చి చుడితే ఎనబై నాలుగు గజాల జాగ ఎట్ల వస్తది?’’

ఆయన నన్ను అడిగిండో, తనను తాను అడుక్కున్నడో నాకు సమజ్ కాలే. కాళ్లు కడగలే, చెంబు అక్కడనే పెట్టి లోపలికొచ్చి పలక తీసిండు.

లెక్క మళ్ల చేసిండు. 289 తప్పు కాదు. 168 తప్పు కాదు. 121 సరే, 11 సరే. ఎన్నిసార్లు చేసినా 11 వస్తనే ఉన్నది. లెక్కల ఏ అడుగుల తప్పు లేదు. గదే ఆయనను ఇంకింత కలవరపెట్టింది. తప్పు ఎక్కడన్న దొరికితే దిద్దుకుంటం, దొరకకపోతే ఏం చేస్తం?

నాకు అప్పటికి కొంచెం లెక్కలు వచ్చు. ‘‘బాపు, మన దొడ్డి పొడుగ్గ ఉన్నది కద. పొడుగు తక్కువ చేసి వెడల్పు పెంచితే అదే కంపల ఎక్కువ జాగ రాదా?’’ అన్న.

‘‘వస్తది. ఎంత దాకా వస్తదో చూడాలె’’ అన్నడు. ఆ తర్వాత ఆయన చేసింది నాకు ఇప్పటికీ కండ్ల ముందర ఉన్నది. పలక మీద 17ను రెండు ముక్కలు చేసుకుంట పోయిండు. 12, 5 అయితే 60. అది గైడు లెక్క. 11, 6 అయితే 66. 10, 7 అయితే 70. 9, 8 అయితే 72. రెండు భుజాలు దగ్గరికి వస్తున్న కొద్ది జాగ పెరుగుతున్నది, కని పెరిగేది తక్కువైపోతున్నది, ఆరు, నాలుగు, రెండు. చివరికి రెండూ సమానం, ఎనిమిదిన్నర ఎనిమిదిన్నర. డెబ్బై రెండుంబావు. అంతే. అక్కడ ఆగిపోయింది. ఇంకా ముందుకు జరిపితే మళ్ల 8, 9 అయి ఎనకకు వస్తది.

‘‘ఎనిమిదిన్నరకు ఎంతో కొంత కలిపినవనుకో, రెండో దిక్కు అంతే తియ్యాలె. అప్పుడు గుణిస్తే డెబ్బై రెండుంబావులకెళ్లి ఆ కలిపినదాని వర్గం పోతది. ఎప్పుడూ పోవుడే, కలుసుడు లేదు’’ అన్నడు. 34 చుట్టుకొలతల దీర్ఘచతురస్రం ఏ తీరుగ గీసినా డెబ్బై రెండుంబావు కంటె ఎక్కువ జాగ పట్టదు. మీటరైనా గజమైనా అంతే. 84 ఎక్కడిది? అసొంటి పొలం భూమ్మీద ఎక్కడా లేదు.

మరి 11 ఎట్ల వచ్చింది? లేని పొలానికి కర్ణం ఎట్ల వచ్చింది? నేను అదే అడిగిన. సూత్రానికి పొలం అక్కరలేదు బిడ్డా, రెండు అంకెలు ఇస్తే మూడోది తీసి పెడ్తది అన్నడు. ఆ అంకెలకు పొలం ఉన్నదా లేదా అని సూత్రం అడగదు. అడగాల్సింది పేపరు రాసేటోడు.

కర్ణం దిక్కు నుంచి గూడ చూపిచ్చిండు. తొమ్మిది తొమ్మిదుల చదరం జాగ 81, అది 84 కంటె చిన్నదే. దాని మూలకు మూల కొలిస్తే వర్గం 162, అంటే పన్నెండు దాటుతది. 81 గజాల జాగకే పన్నెండు దాటితే 84 గజాల జాగకు పదకొండు ఎట్ల సరిపోతది? పన్నెండు వచ్చేటట్టు డెబ్బై రెండున్నర పెడుదునా అనుకున్నడు కద మొదట. అది గూడ లేని పొలమే. డెబ్బై రెండుంబావుకు పావు గజం ఎక్కువ. అంత సన్నటి గీత అటు ఇటు.



పెద్దోళ్లు అనేటోళ్లు ఉంటరు, పిల్లలకు ఎట్లాగూ 11 వస్తది, మార్కులు వేసేస్తే అయిపోయె అని. ఆ మాట నేను అనలేదు గని అవ్వ అన్నది. చప్పుడుకు లేచి వచ్చి, ‘‘పన్నెండు కావొస్తున్నది. జవాబు వస్తున్నది కద, పండుకోరాదు’’ అన్నది. బాపు కోపానికి రాలే. పలక ఆమె దిక్కు తిప్పి చెప్పిండు. సూత్రం బట్టీ పట్టిన పిల్లగాడు కండ్లు మూసుకొని 11 రాస్తడు, ఎనిమిది మార్కులు కొట్టేస్తడు. ఇగ కిష్టయ్య కొడుకసొంటోడు ఉంటడు. వానికి సూత్రం యాదికుండదు, కని బుర్ర ఉన్నది. వాడు కలిపితే 17, గుణిస్తే 84 వచ్చే జత కోసం చూస్తడు. 12, 7 చూస్తడు, పంతొమ్మిది అయితది. 14, 6 చూస్తడు, ఇరవై అయితది. 21, 4 చూస్తడు. ఒక్కటి కుదరదు. తనదే తప్పనుకొని మళ్ల మొదలుపెడతడు. బొమ్మ గీసి చూస్తడు, బొమ్మ రాదు. గంట కొట్టే దాకా అండ్లనే ఉంటడు, తెలిసిన లెక్కలు గూడ వదిలేస్తడు. ‘‘సరిగ్గ ఆలోచించినోడు మునుగుతడు, ఆలోచించనోడు తేలుతడు. గసొంటి ప్రశ్న నేను ఇయ్యను’’ అన్నడు. అవ్వ ఇంకేం అనలే. పొయ్యి రాజేసి చాయ పెట్టింది.

ఇగ దిద్దుడు. మొదట 32 పెడదామనుకున్నడు. 289ల నుంచి 64 పోతే 225, కర్ణం 15. ఈ పొలం ఉన్నది, 32 డెబ్బై రెండుంబావు లోపలనే కద. కని భుజాలు పూర్ణాంకాలు కావు. ఒకటి పదిహేనుకు కొంచెం తక్కువ, ఇంకోటి రెండుకు కొంచెం ఎక్కువ. జతలు చూసే పిల్లగాడు 16, 2 చూస్తడు, 8, 4 చూస్తడు, మళ్ల ఆగిపోతడు. తొమ్మిదో తరగతిల వర్గ సమీకరణాలు ఇంకా చెప్పలే. పొలం ఉన్నా వాళ్లకు దొరకదు. అది గూడ కొట్టేసిండు.

అప్పుడు ఎనక నుంచి కాకుండ ముందు నుంచి వచ్చిండు. జవాబు పట్టుకొని పొలాన్ని వెతుకుడు మానేసి, ముందు పొలం గీసిండు. పొడుగు 15, వెడల్పు 8. చుట్టు 46. జాగ 120. కర్ణం వర్గం 225, 64 కలిపితే 289, అంటే 17. సూత్రంతోని చేసినా 23 వర్గం 529ల నుంచి 240 పోతే అదే 289. రెండు తొవ్వలూ ఒక్క కాడికే వచ్చినయి. పలక మీద బొమ్మ గీసి, స్కేలు పెట్టి మూలకు మూల కొలిచి గూడ చూసుకున్నడు. ఆ తర్వాత ఏ పేపరు రాసినా మా బాపు మొదలు బొమ్మ గీసి, దాని కొలతల నుంచే ప్రశ్న తీసేటోడు.

స్టెన్సిలు మీద దిద్దుడు చేత్తోని కాగితం మీద కొట్టేసినట్టు కాదు. ఎర్రగ గోర్ల రంగు లెక్క ఒక మందు ఉంటది, చిన్న సీసల. తప్పు పడ్డ కాడ దాన్ని పల్చగ పూసి ఆరనియ్యాలె. ఆరకముందే రాస్తే కలం దిగబడి కాగితం చినుగుతది, అప్పుడు మొత్తం పేపరు మళ్ల మొదటికే. మార్చాల్సింది రెండు అంకెలే, 34 కాడ 46, 84 కాడ 120. కని 120 మూడంకెలు, జాగ రెండంకెలదే ఉన్నది. నేను కందిలు దగ్గరికి వంచితే, ‘‘దూరం పట్టు, వేడికి మైనం కరుగుతది’’ అన్నడు. ఊదుకుంట ఊదుకుంట ఆరబెట్టి, సన్నగ ఇరికిచ్చి రాసిండు. సున్నను ఒక్క గీతల చుట్టకుండ, పైన చిన్న సందు విడిచి రాసిండు, నడిమి ముక్క ఊడొద్దని. ఇదంతా అయ్యేవరకు రాత్రి రెండు అయింది.

పరీక్ష అయిపోయింది. పేపర్లు దిద్దే నాడు బాపు నన్ను పిలిచి కొన్ని చూపిచ్చిండు. పేర్లు కనపడకుండ చెయ్యి అడ్డం పెట్టిండు. చాలామంది సూత్రంతోని 17 రాసిన్రు. ఇద్దరు ముగ్గురు లెక్క చెయ్యకనే 13 అని రాసిన్రు, గైడు నుంచి. ఒక పేపర్ల మాత్రం సూత్రం జాడే లేదు. 20, 3, 18, 5, 16, 7 అని 23ను ముక్కలు చేసుకుంట వచ్చిండు, పక్కన గుణించిన జవాబులు, 60, 90, 112. కొట్టేసిండు. ఆ కింద 15, 8, 120. దాని చుట్టు గుండ్రంగ గీత. కింద చేత్తోని గీసిన పొలం, మూలకు మూల గీత, 225 కలుపు 64. జవాబు 17. బాపు దానికి ఎనిమిదికి ఎనిమిది మార్కులు ఏసిండు. అది ఎవరి పేపరో నేను అడగలే, ఆయన చెప్పలే.

ఆ 84 ప్రశ్నను బాపు పారెయ్యలే. మరుసటి యేడు అన్న పదో తరగతికి వచ్చిండు, వర్గ సమీకరణాలు మొదలైనయి. ఒకనాడు బాపు బోర్డు మీద అదే లెక్క రాసిండట. చుట్టుకొలత 34, వైశాల్యం 84, కర్ణం కనుగొనుము. క్లాసు మొత్తం ఒక్క నిమిషంల 11 అన్నరు. ‘‘అయితే పొడుగు, వెడల్పు ఎంతెంతనో చెప్పురి’’ అన్నడట. అందరు సమీకరణం రాసుకున్నరు, x² − 17x + 84 = 0 అని. విచక్షణి కట్టిన్రు. 289ల నుంచి 336 తీసెయ్యాలె. రుణ 47 వచ్చింది. క్లాసుల చప్పుడు బందయింది. ఎనక బెంచీల నుంచి మా అన్నే లేచి నిలబడ్డడట. ఇంట్ల బాపు అంటడు గని బడిల సారే కద.

‘‘సార్, ఈ పొలమే లేదు. మరి మేం కర్ణం దేనికి తీసినం?’’

బాపు ఆ పీరియడు మొత్తం ఆ మాట మీదనే నడిపిచ్చిండట. 17ను ముక్కలు చేసుకుంట, 60 నుంచి డెబ్బై రెండుంబావు దాకా ఒక్కొక్కటి పిల్లలతోనే చెప్పిచ్చిండట. ఆ పొద్దు అన్న ఇంటికి రాంగనే బస్త బయటనే పడేసి, చేద తాడు తీసుకొని దొడ్లెకు ఉరికిండు. నన్ను ఒక మూలకు నిలబెట్టి తాడు కొస ఇచ్చి, తను ఎదురు మూలకు పోయి గుంజిండు. పన్నెండు గజాల మీద జానెడుకు ఎక్కువనే ఉన్నది. అరగుంటకే అంత. ‘‘మరి ఎనబై నాలుగుకు పదకొండంటవా?’’ అని నన్నే ఎదురు అడిగిండు, నాకేం ఎరుక లేనట్టు.